దేనిలో నాలుగో వంతు? గోడకు వేసిన నిచ్చెన చెప్పే త్రికోణమితి

గోడకు నిచ్చెన వేసేటప్పుడు దాని కాళ్లు గోడకు ఎంత దూరంలో పెట్టాలి? మరీ దగ్గరగా పెడితే ఎక్కినవాళ్ల బరువుకు నిచ్చెన వెనక్కి ఒరిగిపోతుంది. మరీ దూరంగా పెడితే కాళ్లు నేల మీద జారిపోతాయి. నేలతో సుమారు 75 డిగ్రీల కోణంలో ఉంటే ఈ రెండు ప్రమాదాలూ తగ్గుతాయి. కానీ నిచ్చెన ఎక్కబోయేవాళ్లు కోణమానిని పట్టుకుని కూర్చోరు. అందుకే భద్రతా నియమాలు ఈ కోణాన్ని దూరాల లెక్కలో చెబుతాయి.

బ్రిటన్‌లో చెప్పే నియమం ఇది: నిచ్చెన గోడను తాకే ఎత్తులో నాలుగో వంతు దూరంలో కాళ్లు పెట్టాలి. అమెరికాలో ఇంకోలా చెబుతారు: కాళ్ల నుంచి పైన ఆనుకున్న చోటు వరకు ఉన్న నిచ్చెన పొడవులో నాలుగో వంతు దూరంలో పెట్టాలి. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. నిజానికి ఒకటి గోడ ఎత్తులో నాలుగో వంతు, ఇంకొకటి నిచ్చెన పొడవులో నాలుగో వంతు. త్రికోణమితి భాషలో మొదటిది టాంజెంట్, రెండోది కొసైన్.

పదో తరగతి త్రికోణమితి లెక్కల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. గుణకారం, భాగహారం వచ్చినవాళ్లకు కూడా ఏ భుజాన్ని ఏ భుజంతో పోలుస్తున్నామన్న దగ్గర తడబాటు వస్తుంది. నిచ్చెననే పట్టుకుని దీన్ని మొదటి నుంచి చూద్దాం.

భుజాల పేర్లు కోణాన్ని బట్టి

నిలువు గోడ, చదునైన నేల, వాటి మధ్య వాలిన నిచ్చెన. ఈ మూడూ కలిస్తే లంబకోణ త్రిభుజం. గోడ నేలను కలిసే మూల దగ్గర 90 డిగ్రీలు. దానికి ఎదురుగా ఉన్న నిచ్చెన కర్ణం. లంబకోణ త్రిభుజంలో ఎప్పుడూ కర్ణమే అన్నిటికన్నా పొడవైన భుజం. బొమ్మను ఎటు తిప్పి గీసినా అది మారదు.

మిగతా రెండు భుజాల సంగతి అలా కాదు. వాటికి సొంత పేర్లు లేవు. మనం ఏ కోణం గురించి మాట్లాడుతున్నామో దాన్ని బట్టి పేర్లు వస్తాయి. నిచ్చెన కాళ్ల దగ్గర, అంటే నేలతో చేసే కోణం దగ్గర నిలబడి చూస్తే గోడ ఎదుటి భుజం, నేల మీది దూరం ఆసన్న భుజం. అదే నిచ్చెన కొస దగ్గర, గోడతో చేసే కోణం నుంచి చూస్తే నేల మీది దూరం ఎదుటి భుజమవుతుంది, గోడ ఆసన్న భుజమవుతుంది. త్రిభుజం మారలేదు, చూసే మూల మారింది.

నిలువుగా గీసింది ఎదుటి భుజమని, అడ్డంగా గీసింది ఆసన్న భుజమని బొమ్మను బట్టి గుర్తుపెట్టుకునే పిల్లలు ఉంటారు. పాఠ్యపుస్తకంలో లంబకోణం కింద కుడివైపున ఉన్నంతసేపూ వాళ్లకు లెక్క సరిగ్గానే వస్తుంది. ప్రశ్నపత్రంలో లంబకోణం పైకి పోయి, కర్ణం అడుగున పడుకుందంటే జవాబు తలకిందులవుతుంది. దీనికి మందు ఒకటే. ముందు లంబకోణాన్ని గుర్తించాలి. దానికి ఎదురుగా ఉన్న భుజం మీద 'కర్ణం' అని రాయాలి. తర్వాత ప్రశ్నలో అడిగిన కోణం మీద వేలు పెట్టి, ఆ కోణాన్ని తాకని భుజం మీద 'ఎదుటి' అని రాయాలి. మిగిలింది ఆసన్న భుజం.

పేర్లు కుదిరాక నిష్పత్తులు మూడే:

sin θ = ఎదుటి భుజం ÷ కర్ణం
cos θ = ఆసన్న భుజం ÷ కర్ణం
tan θ = ఎదుటి భుజం ÷ ఆసన్న భుజం

ఇక్కడ θ అనేది మనం వేలు పెట్టిన కోణం. sin θ అంటే sinను θతో గుణించడం కాదు. అది ఆ కోణానికి చెందిన ఒక సంఖ్య.

ఒక నిచ్చెన, పూర్తి లెక్క

ఆరున్నర మీటర్ల నిచ్చెన ఉంది. కాళ్లు గోడకు రెండున్నర మీటర్ల దూరంలో ఉన్నాయి. అది గోడను ఎంత ఎత్తులో తాకుతుంది? పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం వర్గం మిగతా రెండు భుజాల వర్గాల మొత్తానికి సమానం. 6.5 వర్గం 42.25. 2.5 వర్గం 6.25. తీసేస్తే 36. దాని వర్గమూలం 6. అంటే నిచ్చెన ఆరు మీటర్ల ఎత్తులో గోడను తాకుతుంది.

నేలతో చేసే కోణానికి ఇప్పుడు మూడు నిష్పత్తులూ రాయొచ్చు. సైన్ 6 ÷ 6.5, అంటే 12/13. కొసైన్ 2.5 ÷ 6.5, అంటే 5/13. టాంజెంట్ 6 ÷ 2.5, అంటే 12/5. పైకొస దగ్గరి కోణానికి రాస్తే సైన్ 5/13, కొసైన్ 12/13 అవుతాయి. ఒక కోణం సైన్ రెండో కోణానికి కొసైన్ అయింది. రెండు కోణాలూ కలిపి 90 డిగ్రీలు కాబట్టి ఏ లంబకోణ త్రిభుజంలోనైనా ఇంతే. sin 15° విలువ, cos 75° విలువ ఒకటే కావడానికి కారణం ఇదే.

ఇప్పుడు అదే నిచ్చెనకు సరిగ్గా మధ్యలో, 3.25 మీటర్ల దగ్గరున్న మెట్టు నుంచి దారానికి గుండు కట్టి కిందికి వదిలామనుకుందాం. గుండు నేలను తాకిన చోటు నిచ్చెన కాళ్లకు 1.25 మీటర్ల దూరంలో ఉంటుంది. దారం పొడవు 3 మీటర్లు ఉంటుంది. ఇదొక చిన్న లంబకోణ త్రిభుజం. దీని భుజాలు పెద్దదాని భుజాల్లో సగం. కానీ దారాన్ని నిచ్చెన ముక్కతో భాగిస్తే 3 ÷ 3.25, మళ్లీ 12/13. ఏ మెట్టు నుంచి గుండు వదిలినా ఇదే విలువ వస్తుంది. కోణం ఒకటే అయినప్పుడు త్రిభుజాలు సరూపాలవుతాయి, భుజాలన్నీ ఒకే పాళ్లలో పెరుగుతాయి, తగ్గుతాయి. కాబట్టి సైన్ త్రిభుజం సొత్తు కాదు, కోణం సొత్తు.

పరీక్షలో తరచుగా వచ్చే ప్రశ్నకు మూలం ఇదే: 'cos A = 5/13 అయితే sin A, tan A విలువలు కనుక్కోండి.' ఇక్కడ ఆసన్న భుజం 5, కర్ణం 13 అని ఎవరూ చెప్పలేదు. వాటి మధ్య పాలు మాత్రమే చెప్పారు. మన నిచ్చెనలో అవి 2.5, 6.5. అందుకే ఉపాధ్యాయులు 5k, 13k అని రాయమంటారు. మూడో భుజం 12k వస్తుంది. నిష్పత్తి తీసేటప్పుడు k కొట్టేసుకుపోతుంది, sin A = 12/13, tan A = 12/5 మిగులుతాయి. అదే ప్రశ్నలో కర్ణం 39 సెంటీమీటర్లని అదనంగా ఇస్తే k విలువ 3 అవుతుంది, భుజాలు 15, 36 అని తేలుతాయి. ఆ k రాయకుండా 5, 12 దగ్గరే ఆగిపోయినవాళ్లు నిష్పత్తులు సరిగ్గా రాసి భుజాలు తప్పు రాస్తారు.

ఆర్యభటుడి పట్టికతో మన నిచ్చెన

పైన చూసిన నిచ్చెన నేలతో చేసే కోణం సుమారు 67.4 డిగ్రీలు. భద్రతకు కావలసిన 75 కన్నా బాగా తక్కువ. అంటే కాళ్లు ఇంకా లోపలికి జరపాలి. ఆరున్నర మీటర్ల ఈ నిచ్చెనను 75 డిగ్రీల్లో నిలబెడితే పైన ఎంత ఎత్తు తాకుతుంది, కింద ఎంత దూరం కావాలి?

ఇక్కడ మనకు తెలిసిన భుజం ఒక్కటే కాబట్టి పైథాగరస్ ఒక్కడితో పని జరగదు. 75 డిగ్రీలకు చెందిన సైన్, కొసైన్ విలువలు ఎవరైనా ముందే లెక్కగట్టి పెట్టి ఉండాలి. ఆ పని మన దేశంలో చాలా పాతది. క్రీ.శ. 499 నాటిదిగా చెప్పే ఆర్యభటీయంలో సైన్ పట్టిక ఉంది. ఆర్యభటుడు 3438 ప్రమాణాల వ్యాసార్ధం తీసుకుని, సున్నా నుంచి 90 డిగ్రీల దాకా 3¾ డిగ్రీలకు ఒకటి చొప్పున 24 విలువలు వచ్చేలా పట్టిక కట్టాడు. విలువలను నేరుగా ఇవ్వకుండా ఒకదానికీ తర్వాతి దానికీ మధ్య తేడాలను ఇచ్చాడు. 225, 224, 222, 219 అంటూ సాగే ఆ తేడాలను కూడుకుంటూ పోతే విలువలు వస్తాయి.

మొదటి ఎనిమిది తేడాలు కూడితే 1719. ఎనిమిదో విలువ 30 డిగ్రీలది. 1719ని 3438తో భాగిస్తే సరిగ్గా సగం. sin 30° = 1/2 అని పిల్లలు వల్లెవేసేది అదే. ఇరవయ్యో విలువ 75 డిగ్రీలది, 3321. నాలుగోది 15 డిగ్రీలది, 890. sin 15° అంటే cos 75° అని పైన చూశాం కాబట్టి మనకు కావలసిన రెండూ దొరికాయి.

3321 ÷ 3438 చేస్తే 0.966. 890 ÷ 3438 చేస్తే 0.259. నిచ్చెన తాకే ఎత్తు 6.5 × 0.966, అంటే దాదాపు 6.28 మీటర్లు. కాళ్ల దూరం 6.5 × 0.259, అంటే దాదాపు 1.68 మీటర్లు. ఇవాళ్టి కాలిక్యులేటర్ ఇచ్చే జవాబు కూడా సెంటీమీటరు వరకు ఇదే. 3438 ప్రమాణాల త్రిభుజం కోసం కట్టిన పట్టిక ఆరున్నర మీటర్ల నిచ్చెనకు పనికొచ్చిందంటే, కారణం ఇందాక గుండు వదిలి చూసిందే. పాళ్లు కోణానివి.

ఏ నిష్పత్తి ఎప్పుడు?

తెలియని భుజం కనుక్కునే లెక్కలో మూడింటిలో ఏది వాడాలన్న సందేహం చాలామందికి వస్తుంది. దానికి ప్రశ్నను రెండు ముక్కలు చేసి చూడాలి: ఇచ్చిన భుజం ఏది, అడిగిన భుజం ఏది. ఆ రెండు పేర్లూ ఉన్న నిష్పత్తిని తీసుకోవాలి. పై లెక్కలో కర్ణం ఇచ్చారు, ఎదుటి భుజం అడిగారు కాబట్టి సైన్. కర్ణం ఇచ్చి ఆసన్న భుజం అడిగితే కొసైన్. ప్రశ్నలో కర్ణం ఊసే లేకపోతే టాంజెంట్. ఉదాహరణకు ఇంటి పక్క సందులో కాళ్లు పెట్టడానికి 1.2 మీటర్ల జాగా మాత్రమే ఉందనుకోండి. నిచ్చెన 75 డిగ్రీల్లో ఉండాలి. ఎంత ఎత్తు అందుతుంది? tan 75° విలువ 3.732. దాన్ని 1.2తో గుణిస్తే సుమారు 4.48 మీటర్లు.

అసలు చిక్కు కర్ణాన్నే అడిగినప్పుడు వస్తుంది. గోడ మీద 5 మీటర్ల ఎత్తు అందుకోవాలి, కోణం 75 డిగ్రీలు, ఎంత నిచ్చెన కావాలి? తొందరలో 5ని 0.966తో గుణిస్తే 4.83 వస్తుంది. నాలుగు మీటర్ల ఎనభైమూడు సెంటీమీటర్ల నిచ్చెన వాలుగా నిలబడి అయిదు మీటర్ల ఎత్తు ఎలా తాకుతుంది? కర్ణం భుజం కన్నా చిన్నదైపోయింది. ఆ ఒక్క మాటతో తప్పు పట్టుబడుతుంది. సూత్రాన్ని రాసుకుని నడిస్తే ఈ ఇబ్బంది ఉండదు: sin 75° = 5 ÷ నిచ్చెన పొడవు. కాబట్టి నిచ్చెన పొడవు 5 ÷ 0.966, సుమారు 5.18 మీటర్లు. తెలియనిది హారంలో ఉంటే భాగించాలి, లవంలో ఉంటే గుణించాలి.

ఇలాంటి సరిచూపులు ఇంకో రెండున్నాయి. సైన్ గానీ కొసైన్ గానీ 1 కన్నా ఎక్కువ వస్తే భుజాల పేర్లు తారుమారయ్యాయని అర్థం, ఎందుకంటే హారంలో ఉండేది అతి పొడవైన భుజం. టాంజెంట్‌కు ఆ హద్దు లేదు. కోణం 45 డిగ్రీలు దాటితే అది 1ని మించుతుంది, 90కి దగ్గరపడే కొద్దీ ఎంతైనా పెరుగుతుంది. రెండోది, కోణం రెట్టింపైతే నిష్పత్తి రెట్టింపు కాదు. sin 30° సగం కదా అని sin 60° విలువను 1 అని రాసేవాళ్లున్నారు. అది 0.866 మాత్రమే. ఆర్యభటుడి తేడాలు చూస్తే దీని గుట్టు తెలుస్తుంది. మొదటి అడుగులో 225 పెరిగిన విలువ చివరి అడుగులో 7 మాత్రమే పెరుగుతుంది. నిటారుకు దగ్గరైన నిచ్చెనను ఇంకొంచెం నిలబెట్టినా ఎత్తు పెద్దగా పెరగదు.

కాలిక్యులేటర్ వాడేవాళ్లకు వేరే గండం ఉంది. అది డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో ఉంటే sin 75 నొక్కినప్పుడు −0.388 చూపిస్తుంది. నిచ్చెన లెక్కలో రుణసంఖ్య వస్తే యంత్రం అమరిక తప్పని తెలిసిపోతుంది. అన్నిసార్లూ అంత స్పష్టంగా బయటపడదు కాబట్టి ముందుగా sin 30 నొక్కి 0.5 వస్తోందో లేదో చూసుకోవడం మేలు. భుజాల నుంచి కోణం కావాలంటే sin⁻¹ మీట వాడాలి. 12 ÷ 13 ఇచ్చి ఆ మీట నొక్కితే 67.38 వస్తుంది. అక్కడి −1ని చూసి 1 ÷ sin అనుకోకూడదు. నిష్పత్తి ఇస్తే కోణం చెప్పే మీట అది.

ఎత్తులు కొలిచేటప్పుడు

నిచ్చెన వేయలేని ఎత్తులకు టాంజెంట్ పనికొస్తుంది. నీళ్ల ట్యాంకు నుంచి కొంత దూరం నడిచి, దాని కొసను చూస్తే కంటిచూపు నేలకు సమాంతరమైన గీతతో చేసే కోణం ఊర్ధ్వకోణం. దూరాన్ని ఆ కోణం టాంజెంట్‌తో గుణిస్తే ఎత్తు వస్తుంది. కానీ అది కంటి దగ్గర నుంచి ఉన్న ఎత్తు, నేల నుంచి కాదు. చూసేవాళ్ల కంటి ఎత్తును చివర కలపాలి. పరీక్షలో 'ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న వ్యక్తి' అని ఇచ్చేది ఇందుకే.

ఎక్కడ నిలబడి చూడాలన్నది కూడా లెక్కే. కంటి మట్టం నుంచి 30 మీటర్ల ఎత్తున్న కట్టడాన్ని 30 మీటర్ల దూరం నుంచి చూస్తే కోణం 45 డిగ్రీలు. కొలతలో ఒక డిగ్రీ ఎక్కువ చదివితే ఎత్తు 31.07 వస్తుంది, మీటరు పైచిలుకు తేడా. అదే 10 మీటర్ల దగ్గరకు వెళ్లి, అదే ఒక డిగ్రీ తప్పు చేస్తే తేడా 1.8 మీటర్లు దాటుతుంది. టాంజెంట్ అక్కడ నిటారుగా ఎగబాకుతోంది కాబట్టి. పోనీ 120 మీటర్ల దూరం పోతే తేడా 2.2 మీటర్లు అవుతుంది, ఎందుకంటే పెద్ద దూరంతో గుణించడం వల్ల చిన్న తప్పు పెద్దదవుతుంది. కోణం 45 డిగ్రీల దరిదాపుల్లో ఉండేలా నిలబడటమే అన్నిటికన్నా మంచిది. అక్కడ టాంజెంట్ 1. కొలిచిన దూరమే ఎత్తు.

ఇదంతా ఒక షరతుకు లోబడి ఉంది. మూలలో 90 డిగ్రీలు ఉండాలి. నేల ఏటవాలుగా ఉన్నా, గోడ ఒరిగి ఉన్నా ఈ మూడు సూత్రాలనూ నేరుగా వాడకూడదు. అప్పుడు లోపల ఒక నిలువు గీత గీసి లంబకోణ త్రిభుజాన్ని తయారుచేసుకోవాలి. ఇంకో హద్దు, కోణాలు మాత్రమే ఇస్తే భుజాలు తేలవు. ఒకే కోణాలతో చిన్న త్రిభుజాలు, పెద్ద త్రిభుజాలు ఎన్నైనా ఉంటాయి. కనీసం ఒక్క భుజం పొడవైనా తెలియాలి.

రెండు నియమాల తేడా ఎంత?

ఇప్పుడు మొదట చెప్పిన రెండు నియమాలను మన ఆరున్నర మీటర్ల నిచ్చెనకు పెట్టి చూడొచ్చు. అమెరికా నియమం ప్రకారం కాళ్ల దూరం 6.5లో నాలుగో వంతు, సుమారు 1.63 మీటర్లు. cos θ = 1/4 కాబట్టి కోణం 75.5 డిగ్రీలు. బ్రిటన్ నియమంలో దూరం ఒక పాలు, ఎత్తు నాలుగు పాళ్లు. కర్ణం √17 పాళ్లు, అంటే 4.123. దానితో 6.5ను భాగిస్తే కాళ్ల దూరం సుమారు 1.58 మీటర్లు. tan θ = 4, కోణం దాదాపు 76 డిగ్రీలు. తేడా అయిదు సెంటీమీటర్లు, అర డిగ్రీ లోపు. నిచ్చెన దాదాపు నిటారుగా ఉండటం వల్ల దాని పొడవు, గోడ ఎత్తు ఇంచుమించు ఒకటే. అందుకే నియమం ఏదైనా ఎక్కినవాళ్లకు ముప్పు లేదు.

ప్రశ్నపత్రంలో మాత్రం ఆ వెసులుబాటు దొరకదు. అక్కడ వాలు తక్కువగా ఉండే త్రిభుజాలు ఎన్నో వస్తాయి. 3/5 అనే పాలునే తీసుకోండి. అది సైన్ అయితే కోణం సుమారు 36.9 డిగ్రీలు. టాంజెంట్ అయితే 31 డిగ్రీలు. తేడా ఆరు డిగ్రీలు. 3, 5 అంకెలు కనబడగానే భాగించడం మొదలుపెట్టకుండా, ఆ 5 కర్ణమా, ఆసన్న భుజమా అని ముందు అడిగితే లెక్కలో మిగిలేది కూడికలు, తీసివేతలే.